చార్ట్‌లో మిలియన్లు పోయి కోట్లు, లక్షలు వచ్చేదాకా

మా సొసైటీ మహాజన సభ ఆదివారం. గురువారం సాయంత్రం ప్రెసిడెంటు గారు నేనిచ్చిన ప్రింటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, మన డిపాజిట్లు ఈ ఏడాది ఎంతయ్యాయి?"

"రెండు కోట్ల నలభై ఎనిమిది లక్షల తొంభై వేలండీ."

"మరి ఈ బొమ్మలో అదెక్కడుంది?"

చూస్తే నిజంగానే లేదు. చార్ట్‌లో ఐదు నిలువు పట్టీలు బాగానే ఉన్నాయి, కింద సంవత్సరాలూ ఉన్నాయి. ఎడమ వైపు అంకెలు మాత్రం 0.0M, 5.0M, 10.0M అంటూ 30.0M దాకా ఉన్నాయి. చివరి పట్టీ 25.0M గీతకు కాస్త కింద ఆగింది. మిలియన్ అంటే పది లక్షలని నాకు తెలుసు కాబట్టి ఇరవై ఐదు మిలియన్లు రెండున్నర కోట్లని లెక్క కట్టుకోగలను. సభకు వచ్చే నాలుగు వందల మంది రైతులు ఆ లెక్క కట్టుకోవాల్సిన అవసరం ఏముంది? అది వాళ్ళ డబ్బు. వాళ్ళు డిపాజిట్ చేసేటప్పుడు లక్షల్లోనే చేశారు, రసీదు మీద లక్షల్లోనే రాసి ఇచ్చాం.

నేను ఒక వ్యవసాయ పరపతి సంఘంలో అకౌంట్స్ చూస్తాను. ఎక్సెల్ రోజూ వాడతాను కానీ చార్ట్‌లు ఏడాదికి ఒకసారి, ఈ సభ కోసమే వేస్తాను. ఆ చార్ట్ కూడా పాత ఫైల్ తెరిచి, ఈ ఏడాది అంకె చేర్చి, ప్రింట్ తీసిందే. అంకెలు ఇవి:

2020-21లో 1,12,40,000
2021-22లో 1,38,75,000
2022-23లో 1,71,20,000
2023-24లో 2,04,60,000
2024-25లో 2,48,90,000

షీట్‌లో ఇవి మామూలు రూపాయలుగానే ఉన్నాయి. అంటే మిలియన్లు వచ్చింది డేటాలోంచి కాదు, చార్ట్ యాక్సిస్ లోంచి. ఎడమ వైపు అంకెల మీద డబుల్ క్లిక్ చేస్తే కుడి పక్కన Format Axis అని తెరుచుకుంటుంది. అందులో కిందికి వెళ్ళి Number విప్పి చూస్తే ఇది కనిపించింది.

```
0.0,,"M"
```

చివరనున్న ఆ రెండు కామాలే అసలు సంగతి. ఎక్సెల్ ఫార్మాట్‌లో సున్నా తర్వాత చివర ఒక కామా పెడితే అంకెను వెయ్యితో భాగించి చూపిస్తుంది. రెండు పెడితే పది లక్షలతో, మూడు పెడితే వంద కోట్లతో. సెల్‌లో విలువ మారదు, కంటికి కనిపించేది మాత్రం మారుతుంది. ఒక్కో కామా మూడేసి సున్నాలు మింగుతుందన్న మాట. మన లక్షకు ఐదు సున్నాలు, కోటికి ఏడు. మూడేసి చొప్పున మింగుతూ పోతే మూడు, ఆరు, తొమ్మిది దగ్గర ఆగుతాం తప్ప ఐదు దగ్గరా ఏడు దగ్గరా ఆగలేం. ఉన్న ఫార్మాట్‌లో ఒక కామా తీసేసో చేర్చో లక్షలు తెప్పించలేకపోవడానికి కారణం ఇదే. ఆ సాయంత్రం నాకు ఇంత స్పష్టంగా తెలియదు. ఒక కామా తీశాను, ఇంకొకటి చేర్చాను, ఏదీ కుదరలేదు.

మొదట చేసిన పని, చాలామంది చెప్పేదే. విండోస్‌లో అంకెల మధ్య కామాలు ఎక్కడ పడాలో మార్చడం. కీబోర్డ్ మీద విండోస్ బటన్, R కలిపి నొక్కి ఇది టైప్ చేస్తే సరిపోతుంది.

```
intl.cpl
```

వచ్చిన డబ్బాలో Additional settings నొక్కి, Digit grouping దగ్గర 12,34,56,789 అన్నది ఎంచుకున్నాను. ఎక్సెల్ మూసి మళ్ళీ తెరిచి, యాక్సిస్ ఫార్మాట్‌ను `#,##0` చేశాను. 50,00,000 మొదలుకుని 3,00,00,000 దాకా మన పద్ధతిలో కామాలు పడ్డాయి. ప్రాణం లేచొచ్చింది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, సభలో ప్రొజెక్టర్‌కు తగిలించే ల్యాప్‌టాప్‌లో తెరిచి చూశాను. మళ్ళీ 30,000,000!

ఫైల్ పాడైందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను. ఫైల్‌లో ఏ లోపమూ లేదు. ఆ కామాల అమరిక ఫైల్‌లో ఉండదు, నా కంప్యూటర్ విండోస్‌లో ఉంటుంది. ఎవరి కంప్యూటర్‌లో తెరిస్తే వాళ్ళ అమరిక ప్రకారం కనిపిస్తుంది. నేను మెయిల్‌లో పంపిన చార్ట్ నాకు ఒకలాగా, అందుకున్న వాళ్ళకు ఇంకోలాగా కనిపిస్తుంటే ఆ తేడా నాకెప్పటికీ తెలియదు కూడా. అందుకే ఇంటికి వెళ్ళే ముందు నా కంప్యూటర్‌లో ఆ అమరికను తిరిగి 123,456,789కి మార్చేశాను. సభలో జనం ఏం చూస్తారో నాకూ అదే కనిపిస్తే తప్ప పని సాగదనిపించింది. తర్వాత రెండుసార్లు ఈ నిర్ణయమే నన్ను కాపాడింది.

శుక్రవారం పొద్దున మా చిన్నాన్న కొడుక్కి ఫోన్ చేశాను. వాడు ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఆర్టికల్‌షిప్ చేస్తున్నాడు. "అక్కా, దానికి ఒక ఫార్మాట్ ఉంది, మేం అందరం వాడేది" అంటూ ఇది పంపాడు.

```
[>=10000000]##\,##\,##\,##0;[>=100000]##\,##\,##0;##,##0
```

చూడగానే భయమేస్తుంది కానీ చదివితే తేలికే. కోటి, అంతకు మించితే మొదటి ముక్క, లక్ష నుంచి కోటి లోపు అయితే రెండోది, మిగిలినవన్నీ మూడోది. వెనక్కి వాలిన గీత ఎందుకంటే, దాని తర్వాతి కామాను ఎక్సెల్ వెయ్యి లెక్కగా తీసుకోకుండా ఉత్త అక్షరంలా ఉన్నచోటే పెడుతుంది. దీన్ని Number కింద Format Code దగ్గర అతికించి Add నొక్కాలి. ఇది ఫైల్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ కంప్యూటర్‌లో తెరిచినా 3,00,00,000 అనే వస్తుంది. ప్రొజెక్టర్ ల్యాప్‌టాప్‌లో కూడా వచ్చింది.

అక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ప్రింట్ తీసి గోడకు అంటించి, సభలో వెనక వరుస ఎంత దూరం ఉంటుందో అంత దూరం నుంచి చూశాను. 1,50,00,000కూ 2,50,00,000కూ మొదటి అంకె తప్ప తేడా తెలియలేదు. అన్నీ సున్నాలే. కోటి అన్న మాట ఎక్కడా లేదు, సున్నాలు లెక్కపెట్టుకుంటే తప్ప అది కోటో పది కోట్లో చెప్పలేం. షీట్‌లో సెల్స్‌కి ఈ ఫార్మాట్ బంగారం లాంటిది, ఇప్పటికీ అక్కడ వాడుతున్నాను. యాక్సిస్‌కి మాత్రం కామాలు సరిచేస్తే సరిపోదు, సున్నాలు తగ్గాలి.

ఆ మాట తమ్ముడితో అంటే పది నిమిషాల్లో ఇంకొకటి పంపాడు.

```
[>=10000000]0\.0,,"కో";[>=100000]0\.00,"ల";0
```

ఇది తెలివైన ఉపాయం. ముందు కామాలతో మిలియన్లలోకో వేలలోకో దించి, మిగిలిన అంకెల మధ్య మనమే ఒక చుక్క ఇరికించడం. ఆ చుక్క నిజమైన దశాంశ బిందువు కాదు, పక్కనున్న వెనక్కి వాలిన గీత వల్ల ఉత్త అక్షరం. మూడు కోట్లను తీసుకోండి. రెండు కామాలు దాన్ని 30 చేస్తాయి. చివరి అంకెకు ముందు చుక్క పడితే 3.0 అవుతుంది, పక్కన "కో" చేరుతుంది. యాభై లక్షలను ఒక కామా 5000 చేస్తుంది, చివరి రెండంకెల ముందు చుక్క పడితే 50.00, పక్కన "ల". మూడేసి సున్నాల చిక్కును ఇలా దాటుకున్నారు.

యాక్సిస్ మీద 50.00ల, 1.0కో, 1.5కో, 2.0కో అని చక్కగా వచ్చాయి. సంతోషంతో ఇంకొక మెరుగు దిద్దబోయాను. మా ఊళ్ళో ఎవరూ యాభై లక్షల మెట్లలో ఆలోచించరు, పాతిక మెట్లలో ఆలోచిస్తారు. పాతిక, యాభై, డెబ్బై ఐదు, కోటి, కోటీ పాతిక. అందుకని Axis Options లో Major దగ్గర 5000000 తీసేసి 2500000 ఇచ్చాను. వచ్చిన వరస ఇది: 25.00ల, 50.00ల, 75.00ల, 1.0కో, 1.3కో, 1.5కో, 1.8కో, 2.0కో, 2.3కో, 2.5కో, 2.8కో, 3.0కో.

గీతల మధ్య దూరం సమానంగా ఉంది. అంకెల మధ్య దూరం మాత్రం ముప్పై, ఇరవై, ముప్పై, ఇరవై. కోటీ పాతిక లక్షలను రెండు కామాలు 12.5 చేశాయి, ఎక్సెల్ దాన్ని 13గా సవరించింది, మధ్యలో చుక్క పడి 1.3 అయింది. పట్టీ ఉన్నది 1.25 దగ్గర, పక్కన రాసింది 1.3. ఐదు లక్షల తేడా. డబ్బు విషయంలో, అందులోనూ సభ్యుల డిపాజిట్ల విషయంలో, ఇది చిన్న తప్పు కాదు. ఇంకా ప్రమాదం ఏమిటంటే ఎక్కడా ఎర్రర్ రాదు. వరసగా రెండు మెట్ల తేడా తీసి చూసుకుంటేనే దొరుకుతుంది. కోట్లకు రెండు దశాంశాలు ఇచ్చే వీలు ఈ ఉపాయంలో లేదు. ఒకే కామాతో నాలుగు దశాంశాలు పెట్టి 1.2500కో అనిపించవచ్చు గానీ, అది మళ్ళీ సున్నాల గొడవే.

పైగా ఒకే నిచ్చెన మీద మొదటి మూడు మెట్లు లక్షల్లో, పై మెట్లు కోట్లలో. 75.00 తర్వాత 1.0 వస్తుంది. పక్కనున్న "ల", "కో" అన్న చిన్న అక్షరాలు చూడకపోతే కిందది పెద్దది, పైది చిన్నది అనిపిస్తుంది. ఒక యాక్సిస్‌కి ఒకటే కొలత ఉండాలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. సెల్‌లో కలగలుపు నడుస్తుంది, యాక్సిస్ మీద నడవదు.

డేటానే మార్చేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. పక్క కాలమ్‌లో `=B2/10000000` అని రాసి, ఆ కాలమ్‌తో చార్ట్ వేస్తే అయిపోతుంది. అది తప్పేమీ కాదు, ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది కూడా. కానీ ఈ ఫైల్‌ను నా తర్వాత ఇంకొకరు తెరుస్తారు. భాగించిన కాలమ్ చూసి వచ్చే ఏడాది అంకెను పూర్తి రూపాయల్లో అక్కడే టైప్ చేస్తే, మిగతా పట్టీలన్నీ నేలకు అంటుకుపోయి ఒకటే ఆకాశానికి లేస్తుంది. వేరే దారి లేకపోతే చేద్దామని పక్కన పెట్టాను.

దారి దొరికింది అదే Format Axis లో, అంతవరకూ నేను చూస్తూ దాటిపోయిన చోట. Major కింద కొంచెం దిగితే Display units అని ఉంటుంది, పక్కన None అని. నిన్నటి నుంచి దాన్ని రెండుసార్లు తెరిచాను, Hundreds, Thousands, Millions, Billions అని కనిపించగానే ఇది మనది కాదని మూసేశాను. ఈసారి ఒక్కొక్క వరసా చదివాను. Thousands తర్వాత 10000, దాని కింద 100000 ఉన్నాయి. Millions తర్వాత 10000000 ఉంది. పేర్లు రాయలేదు, ఉత్త అంకెలే. నేను లక్ష అన్న మాట కోసమో కోటి అన్న మాట కోసమో వెతుకుతున్నాను, అవి అక్కడ ఒకటి పక్కన సున్నాలుగా కూర్చుని ఉన్నాయి. ఐదు సున్నాలున్నది లక్ష, ఏడు సున్నాలున్నది కోటి. పక్కనే ఎనిమిది సున్నాలున్న ఇంకొకటీ ఉంది, అది పది కోట్లు. సున్నాలు లెక్కపెట్టి ఎంచుకోవాలి.

10000000 ఎంచుకున్నాను. యాక్సిస్ మీద పన్నెండు మెట్లూ "0.0" అయిపోయాయి.

గుండె ఆగినంత పనైంది కానీ కారణం వెంటనే తట్టింది. పాత ఫార్మాట్ ఇంకా అక్కడే ఉంది. Display units మూడు కోట్లను 3 చేసింది. ఆ 3 ఇప్పుడు ఫార్మాట్ చేతికి వచ్చింది. ఫార్మాట్ అది కోటి దాటిందా, లక్ష దాటిందా అని చూసి, ఏదీ కాదని మూడో ముక్కకు పంపాలి. అలా పంపితే 3 అనైనా రావాలి కదా? చూస్తే నేను కంగారులో మొదటి రోజు ఫార్మాట్‌ను, ఆ రెండు కామాల దాన్ని, మళ్ళీ పెట్టి ఉంచాను, "M" మాత్రమే తీసేసి. Display units కోటితో భాగిస్తే, ఫార్మాట్ మళ్ళీ పది లక్షలతో భాగించింది. రెండు భాగహారాలు ఒకదాని మీద ఒకటి పడితే సున్నా కాక ఏమొస్తుంది? యాక్సిస్ మొత్తం సున్నాలు కనిపిస్తే ముందు చూడాల్సింది Format Code చివర కామాలున్నాయా అన్నదే.

ఆ ఫార్మాట్ తీసేసి `#,##0` పెట్టాను. ఈసారి ఇంకో వింత. మెట్టు పాతిక లక్షలు చిన్నదేమోనని మళ్ళీ యాభై చేసి చూస్తే కింద నుంచి పైకి 0, 1, 1, 2, 2, 3, 3 అని వచ్చింది. అరకోటి 0.5, దశాంశం చూపించే చోటు లేక 1 అయింది. కోటి కూడా 1. కోటిన్నర 2, రెండు కోట్లు కూడా 2. ఒకే అంకె రెండేసి మెట్ల మీద కనిపిస్తే దశాంశాలు చాలలేదని అర్థం. Format Code ను `0.0` చేసి Add నొక్కగానే 0.5, 1.0, 1.5 అంటూ సరిగ్గా కూర్చున్నాయి. సెల్ ఫార్మాట్ మారితే యాక్సిస్ కూడా మారిపోకుండా, కిందనున్న Linked to source పక్కన టిక్ లేదని కూడా చూసుకున్నాను.

యాక్సిస్ పక్కన దానంతట అదే x 10000000 అని నిలువుగా ఒక రాత వచ్చింది. దాని మీద క్లిక్ చేసి, ఉన్నది చెరిపి "కోట్ల రూపాయల్లో" అని తెలుగులో టైప్ చేశాను. తెలుగు అక్షరాలు పక్కకు పడుకుని ఉంటే చదవడం కష్టం, గుణింతాలూ వత్తులూ కలిసిపోయినట్టు ఉంటాయి. అందుకే ఆ రాత మీద కుడి క్లిక్ చేసి, ఫార్మాట్‌లో Text direction ను Horizontal చేసి, యాక్సిస్ తల మీదికి జరిపాను. ఫాంట్ నిర్మలా యూఐ. Show display units label on chart అన్న టిక్ తీసేస్తే ఈ రాత మాయమవుతుంది, చార్ట్ చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. దయచేసి తీయకండి. అది పోతే 2.5 అన్నది రూపాయలో, లక్షలో, కోట్లో చెప్పే ఆధారమే ఉండదు. నేనైతే పై శీర్షికలో కూడా రాశాను: "సభ్యుల డిపాజిట్లు, కోట్ల రూపాయల్లో".

శనివారం పాలకవర్గం వాళ్ళు వచ్చినప్పుడు కొత్త ప్రింటు చూపించాను. వాళ్ళలో పెద్దాయన ఒకరున్నారు, డెబ్బై దాటిన మనిషి. వడ్డీ లెక్కలు నోటితో చెప్పేస్తారు. ఆయన వేలితో ఒక్కో మెట్టూ చూపిస్తూ చదివారు. "ఇది కోటి. ఇది కోటీ ఐదు లక్షలు. ఇది రెండు కోట్లు." మధ్యలో వేలు పెట్టింది 1.5 మీద.

"బాబాయ్ గారూ, అది కోటిన్నర" అన్నాను.

"చుక్క తర్వాత ఐదే ఉందిగా అమ్మా?" అన్నారు.

ఆయన అడిగింది న్యాయమే. ఆయనకు చుక్క అంటే రూపాయికీ పైసలకీ మధ్య చుక్క. రూపాయిన్నరను ఎవరూ 1.5 అని రాయరు, 1.50 అని రాస్తారు. చుక్క తర్వాత రెండంకెలూ పైసలు. అప్పుడు నాకు తట్టింది, ఇన్నేళ్ళ నుంచి అకౌంట్స్ రాస్తూ ఆలోచించని విషయం. రూపాయికి వంద పైసలు, కోటికి వంద లక్షలు. కోట్లలో రాసి చుక్క తర్వాత రెండంకెలు ఉంచితే ఆ రెండంకెలూ సరిగ్గా లక్షలే. 1.25 అంటే కోటీ పాతిక లక్షలు. 2.05 అంటే రెండు కోట్ల ఐదు లక్షలు. భాగహారం లేదు, గుణకారం లేదు, ఎలా ఉంటే అలా చదివేయడమే. మిలియన్లలో ఈ సుఖం లేదు, అక్కడ చుక్క తర్వాత మూడంకెలుంటేనే అవి వేలవుతాయి.

అక్కడే కూర్చుని Format Code మార్చాను.

```
0.00
```

Major ను మళ్ళీ పాతిక లక్షలకు తెచ్చాను. ముందు Display units ను None చేసి, Major లో 2500000 ఇచ్చి, ఆ తర్వాత తిరిగి 10000000 ఎంచుకున్నాను. మెట్టు పూర్తి రూపాయల్లో ఇస్తున్నానని గందరగోళం లేకుండా ఉండడానికి నేను పాటించే వరస ఇది. 0.25, 0.50, 0.75, 1.00, 1.25 వచ్చాయి, 1.3 అన్న అబద్ధం లేకుండా. పెద్దాయన మళ్ళీ వేలు పెట్టి చదివారు: "పాతిక, యాభై, డెబ్బై ఐదు, కోటి, కోటీ పాతిక." ఈసారి నేను ఏమీ చెప్పాల్సి రాలేదు.

రెండో చార్ట్ లాభనష్టాలది. సంఘానికి 2020-21లో 3,80,000 నష్టం, మరుసటి ఏడు 1,45,000 నష్టం, ఆ తర్వాత వరసగా 60,000, 2,10,000, 4,25,000 లాభం. ఇవి కోట్లలో చూపిస్తే అన్నీ 0.04, 0.02 అయిపోతాయి కాబట్టి లక్షలే సరి. ఈ చార్ట్‌కి ముందు తమ్ముడి మొదటి ఫార్మాటే పెట్టాను. పైన 5,00,000 అని, కింద -500,000 అని వచ్చింది. ఒకే యాక్సిస్ మీద పై సగం మన కామాలు, కింది సగం విదేశీ కామాలు. ఆ ఫార్మాట్ లక్ష దాటిందా, కోటి దాటిందా అని మాత్రమే అడుగుతుంది. మైనస్ అంకె ఏదీ దాటదు కాబట్టి అన్నీ మూడో ముక్కలో పడతాయి. రెండు షరతులకు మించి పెట్టనివ్వదు, అందుకని కోట్లు, లక్షలు రెంటినీ పై సగానికీ కింది సగానికీ కలిపి ఒకే ఫార్మాట్‌లో సర్దలేం. విండోస్ అమరికను వెనక్కి మార్చుకోకపోయి ఉంటే ఈ తప్పు నా తెర మీద కనిపించేదే కాదు, సభలో ప్రొజెక్టర్ మీద కనిపించేది.

ఇక్కడ Display units లో 100000 ఎంచుకుని, ఫార్మాట్ ఉత్త `0` పెట్టాను. మెట్లు నిండు లక్షల్లోనే ఉన్నాయి కాబట్టి దశాంశాలు అక్కర్లేదు. -5 నుంచి 5 దాకా వచ్చింది, పైన "లక్షల రూపాయల్లో" అని రాశాను. లక్షల్లో కూడా చుక్క తర్వాత రెండంకెలు పెడితే అవి వేలవుతాయి, ఎందుకంటే లక్షకు వంద వేలు. 3.80 అంటే మూడు లక్షల ఎనభై వేలు. ఇంకో చిన్న పని చేయాల్సి వచ్చింది. సంవత్సరాలు సున్నా గీత మీద ఉండి నష్టం పట్టీల మీద పడ్డాయి. అడ్డ యాక్సిస్ మీద డబుల్ క్లిక్ చేసి, Labels కింద Label Position ను Low చేస్తే అవి అడుగుకు దిగాయి.

రెండు చార్ట్‌లూ పక్కపక్కన ఉంటే ఒకటి కోట్లలో, ఒకటి లక్షల్లో ఉన్న సంగతి జనం గమనించరేమోనని భయపడి, వాటిని ఒకే పేజీలో పెట్టలేదు. డిపాజిట్లు ఒక పేజీ, లాభనష్టాలు ఇంకో పేజీ.

ఆదివారం సభలో ప్రెసిడెంటు గారు డిపాజిట్ల చార్ట్ చూపిస్తున్నప్పుడు నేను కావాలనే వెనక వరుసలో నిలబడ్డాను. నా ముందు కూర్చున్న ఒకావిడ పక్కావిడతో అంటోంది: "అదిగో, ఆ చివరిది చూడు. రెండూ యాభైకి కొంచెం కింద ఉంది. నిరుడు రెండే ఉండేది. అంటే ఈ ఏడు దగ్గర దగ్గర నలభై ఐదు లక్షలు పెరిగిందన్న మాట."

పెరిగింది 44,30,000.